అరవై దాకా ఆగొద్దు: ఫ్యాక్టరీ పెన్షన్ ఏ నెల నుంచి మొదలవుతుందో మనమే లెక్కేసుకోవాలి

పోయిన వేసవిలో చెరకు బకాయిల మీద మా మండలంలో మీటింగ్ పెట్టుకున్నాం. మీటింగ్ అయిపోయి టీలు తాగుతుంటే మావయ్య వరసయ్యే ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. ఆయనకు ఎకరంన్నర మెట్ట ఉంది. అదికాక మా ప్రాంతపు షుగర్ ఫ్యాక్టరీలో సీజన్ కార్మికుడిగా కాటా దగ్గర పనిచేశాడు. "అల్లుడూ, నాకు అరవై దాటింది. వృద్ధాప్య పింఛను సంగతి సచివాలయంలో చూసుకుంటాను గానీ, ఫ్యాక్టరీ పెన్షన్ అని ఒకటి ఉందంటున్నారు. మాలాంటి వాళ్లకి కూడా వస్తుందా?" అని అడిగాడు.

"ఎన్ని సీజన్లు చేశారు మావయ్యా?" అన్నాను.

"పద్దెనిమిది. కానీ ఏడాదికి నాలుగైదు నెలలేగా! అన్నీ కలిపినా ఏడేళ్లు కావు. పైగా పీఎఫ్ డబ్బులు మానేసినప్పుడే తీసేసుకున్నాను."

ఆ నాలుగు మాటల్లో మూడు పొరపాట్లున్నాయి. సీజన్ పని లెక్కలోకి రాదనుకోవడం ఒకటి, పీఎఫ్ తీసుకుంటే పెన్షన్ పోతుందనుకోవడం రెండోది, ఏ పెన్షనైనా అరవైకే అనుకోవడం మూడోది. ఈ మూడూ నమ్మి ఇళ్లలో కూర్చున్నవాళ్లు మన సంఘ సభ్యుల్లోనే చాలామంది ఉన్నారని ఆ తర్వాత తిరిగినప్పుడు తెలిసింది. షుగర్ ఫ్యాక్టరీ, స్పిన్నింగ్ మిల్లు, జూట్ మిల్లు, పాల డెయిరీ, ఎక్కడ పనిచేసినా పీఎఫ్ కోసినవాళ్లందరికీ వర్తించే సంగతి ఇది. అందుకే రాస్తున్నాను.

ఈ పథకం పేరు ఉద్యోగుల పెన్షన్ పథకం, 1995. ఆ ఏడాది నవంబర్ 16న మొదలైంది కాబట్టి ఈపీఎస్-95 అంటారు. మన జీతంలోంచి కోసింది పీఎఫ్ ఖాతాలోకి పోతుంది. యాజమాన్యం కట్టే వాటాలోంచి జీతం మీద 8.33 శాతం పెన్షన్ నిధిలోకి పోతుంది. రెండూ వేర్వేరు సంచులు. ఫ్యాక్టరీ మానేశాక పీఎఫ్ డబ్బు తీసుకుంటే మొదటి సంచి ఖాళీ అవుతుంది, అంతే. సర్వీసు పదేళ్లు నిండినవాడికి రెండో సంచిలోది ఒక్కసారిగా తీసుకునే వీలే లేదు, నెలనెలా పెన్షన్‌గానే రావాలి. పదేళ్లు నిండకపోతేనే అది కూడా ఒక్కసారిగా ఇచ్చేస్తారు. కాబట్టి "తీసేసుకున్నాను" అన్నవాడు ఏ సంచిలోది తీసుకున్నాడో ముందు చూసుకోవాలి.

ఇక సీజన్ లెక్క. సీజన్ కార్మికుడు ఒక ఏడాదిలో ఎన్ని నెలలు చేసినా, అది ఏడాది కన్నా తక్కువే అయినా, ఆ ఏడాదిని పూర్తి ఏడాదిగానే లెక్క కట్టాలని పథకంలో స్పష్టంగా రాసి ఉంది. మావయ్య 1996–97 క్రషింగ్ సీజన్‌లో చేరి 2013–14 సీజన్ అయ్యాక మానేశాడు. పద్దెనిమిది సీజన్లు అంటే పద్దెనిమిదేళ్ల సర్వీసు. సీజన్ కాకుండా ఏడాది పొడవునా చేసినవాళ్లకు కూడా చివర్లో ఆరు నెలలు, ఆపైన ఉంటే ఏడాదిగా కలుపుతారు, ఆరు నెలల లోపైతే వదిలేస్తారు. అంటే తొమ్మిదేళ్ల ఆరు నెలలు చేసినవాడు కూడా పదేళ్ల గీత దాటినట్టే. ఆ సంగతి తెలియక ఎంతమంది వదులుకున్నారో!

పెన్షన్ ఎంతో తేల్చడం కష్టమేమీ కాదు. పెన్షన్‌కు లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి 70తో భాగించాలి. 2014 సెప్టెంబర్ 1కి ముందు మానేసినవాళ్లకు చివరి 12 నెలల సగటు జీతం చూస్తారు, ఎంత జీతం వచ్చినా అప్పటి పరిమితి 6,500 రూపాయలే. ఆ తర్వాత మానేసినవాళ్లకు 60 నెలల సగటు, పరిమితి 15,000. మావయ్య జీతం 6,500 దాటింది కాబట్టి 6,500 ఇంటూ 18, భాగించు 70. నెలకు 1,671 రూపాయలు. ఎరువు కట్టకే సరిపోని డబ్బు అనొచ్చు. నిజమే. కానీ ఆయన కష్టార్జితం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ 1,671 ఏ నెల నుంచి రావాలి?

58 ఏళ్లు నిండిన తేదీకి మరుసటి రోజు నుంచి పెన్షన్ చెల్లించాలి. సభ్యుడు అంతకుముందే పని మానేసినా సరే, అదే తేదీ. పథకంలో ఉన్న మాట ఇదే. అరవై కాదు, యాభై ఎనిమిది. మనవాళ్లకు అరవై ఎందుకు అలవాటైందంటే, ఎన్టీఆర్ భరోసాలో వృద్ధాప్య పింఛను అరవైకి, కిసాన్ మాన్‌ధన్ అరవైకి. ఆ రెంటికీ దీనికీ సంబంధం లేదు. తేదీ పట్టుకోవడానికి పుట్టిన తేదీకి 58 కలిపితే చాలు. మావయ్య ఎస్సెస్సీ సర్టిఫికెట్ మీద పుట్టిన తేదీ 1 జులై 1964. (బళ్లో వేసుకున్న మాస్టారు మా ఊళ్లో సగం మందికి జులై 1నే పుట్టినరోజు చేశారు, అది వేరే సంగతి.) 2022 జూన్ 30తో ఆయనకు 58 నిండాయి. జులై 1 నుంచి పెన్షన్ నడవాలి. మూడేళ్లు ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అడగనంత మాత్రాన హక్కు పోదు. దరఖాస్తు ఎప్పుడు పెట్టినా లెక్క 58 నిండిన మరుసటి రోజు నుంచే మొదలవ్వాలి, పాత నెలలది బకాయిగా రావాలి.

ఫారం 10డి నింపాం. ఫ్యాక్టరీ మూతపడింది కాబట్టి యాజమాన్యం సంతకం పెట్టేవాడు లేడు. అలాంటప్పుడు బ్యాంకు మేనేజరో గెజిటెడ్ అధికారో ధ్రువీకరించవచ్చు. బ్యాంకులో చేయించి పంపాం. నెల తిరక్కుండానే కాగితాలు వెనక్కి వచ్చాయి. కారణం: ఆధార్‌లో పుట్టిన తేదీ 1 జనవరి 1966, పీఎఫ్ రికార్డులో 1 జులై 1964.

ఆధార్‌లో అలా ఎందుకు పడిందో చాలామందికి అనుభవమే. కార్డు తీసేరోజు ఆపరేటర్ "వయసెంత?" అంటే నోటికొచ్చిన వయసు చెప్పాం, సంవత్సరం అతను వేశాడు, తేదీ జనవరి 1 పడింది.

వెనక్కి వచ్చిన కాగితాలు పట్టుకుని ఒక సెంటర్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు తేలిక మార్గం చెప్పాడు. "పీఎఫ్ రికార్డునే ఆధార్ ప్రకారం మార్చేయండి, పని అయిపోతుంది" అన్నాడు. మావయ్య సరేనన్నాడు కూడా. నేనే ఆపాను. ఎందుకంటే అలా మారిస్తే ఆయనకు 58 నిండేది 2023 డిసెంబర్ 31న. పెన్షన్ 2024 జనవరి 1 నుంచి మొదలవుతుంది. 2022 జులై నుంచి 2023 డిసెంబర్ దాకా 18 నెలలు గాలికి పోతాయి. 1,671 చొప్పున 30,078 రూపాయలు. ఒక్క సంతకంతో ముప్పై వేలు.

సరైన దారి రెండోది. ఎస్సెస్సీ సర్టిఫికెట్ చూపించి ఆధార్‌లో పుట్టిన తేదీ దిద్దించాం. ఆధార్‌లో ఈ తేదీ మార్చుకోవడానికి మామూలుగా ఒక్కసారే అవకాశం ఉంటుంది కాబట్టి అక్షరం అక్షరం చూసుకుని చేయించాలి. ఇంకో మాట. పీఎఫ్ సంస్థ 2024 జనవరి నుంచి పుట్టిన తేదీకి రుజువుగా ఆధార్‌ను ఒప్పుకోవడం లేదని సర్క్యులర్ ఇచ్చింది. జనన ధ్రువపత్రం, స్కూలు సర్టిఫికెట్ లాంటివి కావాలి. అంటే పీఎఫ్ రికార్డులోనే తప్పుంటే దాన్ని దిద్దడానికి కూడా స్కూలు కాగితమే దిక్కు. కాబట్టి ట్రంకుపెట్టెలో ఏ కాగితం ఉందో ముందు తీసి చూడండి. ఏ తేదీ మనకు లాభమో అది పెట్టమని నేను చెప్పడం లేదు. నిజమైన రుజువు ఏ తేదీకి ఉందో అదే నిలబడుతుంది. కాకపోతే తేలిక కోసం తప్పు తేదీకి తల ఊపితే పోయేది మన డబ్బు.

ఆధార్ సరిచేశాక మళ్లీ పంపాం. సెప్టెంబర్‌లో పెన్షన్ మంజూరైంది. 2022 జులై నుంచి 2025 ఆగస్టు దాకా 38 నెలల బకాయి, 63 వేల పైచిలుకు, బ్యాంకులో పడింది. మంజూరు కాగితం రాగానే ముందు చూడాల్సింది ఎంత అన్నది కాదు, పెన్షన్ మొదలైన తేదీ. ఆ తేదీ 58 నిండిన మరుసటి రోజు కాకుండా దరఖాస్తు అందిన రోజు పడి ఉంటే వెంటనే రాతపూర్వకంగా అడగాలి.

ఇది తెలిసి మా బావ వచ్చాడు. అదే ఫ్యాక్టరీ, బాయిలింగ్ హౌస్‌లో పని, అవే పద్దెనిమిది సీజన్లు, అదే 6,500. పుట్టింది 12 నవంబర్ 1969. మామూలుగా ఆయనకు పెన్షన్ 2027 నవంబర్ 12 నుంచి రావాలి, ఆ నెలలో 19 రోజులకు, డిసెంబర్ నుంచి నిండు నెలకు. కానీ బావ అడిగింది అది కాదు. "యాభైకే తీసుకోవచ్చంటగా, ఇప్పుడే తీసుకుంటే నష్టమా?" అన్నాడు.

తీసుకోవచ్చు. పదేళ్ల సర్వీసు ఉండి, పని మానేసినవాడు 50 నిండాక ఎప్పుడైనా ముందస్తు పెన్షన్ కోరుకోవచ్చు. 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గిస్తారు. ఆ తగ్గింపు 58 వచ్చాక తీరిపోయేది కాదు, జీవితాంతం ఉంటుంది. ఇది విని చాలామంది "అమ్మో, శాశ్వతంగా పోతుంది" అని భయపడతారు. ఆఫీసుల్లో వాళ్లూ, చదువుకున్న పిల్లలూ ఆగమనే చెబుతారు. నేనూ మొదట అదే అన్నాను. తర్వాత కాగితం మీద వేసి చూస్తే నా మాటే తప్పని తేలింది.

బావకు 2025 నవంబర్ 12కి 56 నిండుతాయి. అప్పటి నుంచి తీసుకుంటే రెండేళ్లకు దాదాపు 8 శాతం తగ్గి 1,671 కాస్తా 1,540 దగ్గర పడుతుంది. 58 దాకా ఈ 24 నెలల్లో చేతికొచ్చేది దాదాపు 37 వేలు. 58 తర్వాత నెలకు కోల్పోయేది 131 రూపాయలు. ముందు తీసుకున్న 37 వేలు ఈ 131 చొప్పున కరిగిపోవడానికి 280 నెలలు పైనే, అంటే ఇరవై మూడేళ్లు దాటి పడుతుంది. బావకు ఎనభై ఒకటి దాటితే గానీ ఆగినవాడు ముందుకు రాడు. అది కూడా వడ్డీ లెక్కవేయకుండా. ఈ పెన్షన్‌కు కరువు భత్యం లేదు. ధరలు ఎంత పెరిగినా 1,671 అంటే 1,671 రూపాయలే. అలాంటప్పుడు ఈరోజు రూపాయి పదేళ్ల తర్వాతి రూపాయి కన్నా బరువైనది. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు మోస్తున్న రైతు పెన్షన్ ఆపుకుని కూర్చోవడంలో అర్థం లేదు.

మరి అందరూ యాభైకే తీసుకోవాలా అంటే, అలా అనను. రెండు సంగతులు చూడాలి. మొదటిది, ఇంకా పీఎఫ్ కోసే పనిలో ఉన్నవాడికి ముందస్తు పెన్షన్ కుదరదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మనవాళ్లు కొందరు కాంట్రాక్టర్ కింద సెక్యూరిటీ గార్డులుగా చేరారు. అక్కడ పీఎఫ్ కోస్తున్నారంటే వాళ్ల సర్వీసు ఇంకా నడుస్తున్నట్టే. పాతదీ కొత్తదీ ఒకే ఖాతా కిందికి తెచ్చి కలుపుకోవడం వాళ్లకు లాభం. రెండోది భార్య సంగతి. పెన్షనర్ పోయాక భార్యకు వచ్చేది ఆయన అందుకుంటున్న పెన్షన్‌లో సగం. ఆయనది తగ్గితే ఆమెదీ తగ్గుతుంది. భార్య వయసులో బాగా చిన్నదై, పెన్షన్ మూడు నాలుగు వేలు ఉంటే ఇది ఆలోచించాల్సిన విషయమే. కానీ వితంతు పెన్షన్‌కు నెలకు 1,000 రూపాయల కనీసం ఉంది. బావ లెక్కలో 1,671లో సగమైనా, 1,540లో సగమైనా వెయ్యికి లోపే, కాబట్టి మా అక్కకు ఎలాగైనా వెయ్యే వస్తుంది. రెండు వేల లోపు పెన్షన్ ఉన్నవాళ్లకు ముందస్తుగా తీసుకోవడం వల్ల భార్యకు జరిగే నష్టం ఏమీ లేదన్నమాట. మన సీజన్ కార్మికుల్లో ఎక్కువ మంది ఈ లెక్కలోనే ఉంటారు.

ఇక ఆగేవాళ్ల సంగతి. 2016 నుంచి 58 దాటాక 60 దాకా పెన్షన్ వాయిదా వేసుకునే అవకాశం ఇచ్చారు. ఏడాది ఆగితే 4 శాతం, రెండేళ్లు ఆగితే 8.16 శాతం పెరుగుతుంది. వినడానికి బాగుంది. బావ లెక్కే తీసుకుంటే, 60కి 1,671 కాస్తా 1,807 అవుతుంది. నెలకు 136 ఎక్కువ. దానికోసం వదులుకునేది రెండేళ్ల పెన్షన్, 40 వేల పైచిలుకు. అది తిరిగి రావడానికి ఇరవై నాలుగున్నరేళ్లు. అంటే ఎనభై నాలుగున్నర దాటి బతికితేనే లాభం. ఎండలో నడుం వంచినవాడికి ఇచ్చే బేరమేనా ఇది? ఉద్యోగంలోనే ఉండి, యాజమాన్యం పెన్షన్ నిధికి కడుతూనే ఉంటే, ఆ రెండేళ్ల సర్వీసు కూడా కలుస్తుంది కాబట్టి వాళ్లకు కొంత అర్థం ఉంది. పొలంలో ఉన్నవాడికి లేదు. మరొకటి, 58 నిండాక ఉద్యోగంలో కొనసాగుతున్నా పెన్షన్ తీసుకోవచ్చు. వాయిదా కోరుకోకపోతే 58కే మొదలవ్వాలి.

తెలియక ఆగడం వేరు, వాయిదా కోరుకోవడం వేరు. మావయ్యలా తెలియక ఆగినవాడు వాయిదా వేసినట్టు కాదు. ఆయనకు రావాల్సింది 58 నుంచి బకాయి. ఎవరైనా "అరవైకి వచ్చారు కదా, వాయిదా కింద రాసేద్దాం, శాతం పెరుగుతుంది" అంటే ఒప్పుకోకండి. ఎనిమిది శాతం ఆశ చూపి రెండేళ్ల బకాయి పోగొట్టడమే అది.

ఇక్కడ ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటుంది. కనీస పెన్షన్ వెయ్యి నుంచి 7,500 చేసి కరువు భత్యం ఇవ్వాలని ఈపీఎస్-95 పెన్షనర్లు ఏళ్లుగా అడుగుతున్నారు. మన సంఘం ఆ డిమాండ్‌తో ఉంది. కానీ దానికన్నా ముందుది, పైసా ఖర్చులేనిది మరొకటి ఉంది. ప్రతి సభ్యుడి పుట్టిన తేదీ పీఎఫ్ సంస్థ దగ్గరే ఉంది. ఎవరికి ఏ నెలలో 58 నిండుతుందో కంప్యూటర్ నొక్కితే జాబితా వస్తుంది. ఆ నెలకు ఆరు నెలల ముందు ఆ ఊరికి ఒక ఉత్తరం వేయలేరా? విద్యుత్ బకాయి నూట యాభై రూపాయలుంటే ఇంటికొచ్చి చెప్పే ప్రభుత్వాలకు, మనకు ఇవ్వాల్సింది చెప్పడానికి తీరిక ఉండదు. మూతపడిన ఫ్యాక్టరీల కార్మికుల జాబితాలు గ్రామ సచివాలయాల్లో అంటించాలని జిల్లా కలెక్టర్లకు మన సంఘం అర్జీ ఇవ్వాలి. అది జరిగేదాకా మన గ్రామ కమిటీలే ఆ పని చేయాలి. పాత పీఎఫ్ చీటీ, స్కూలు సర్టిఫికెట్, ఆధార్, ఈ మూడూ పక్కపక్కన పెట్టి తేదీలు కలుస్తున్నాయో లేదో చూడటానికి ఒక పూట చాలు. 2014కు ముందే మానేసినవాళ్లలో చాలామందికి యూఏఎన్ నంబరు ఉండదు, ఆన్‌లైన్‌లో దొరకదు. వాళ్లు పాత పీఎఫ్ నంబరు పట్టుకుని ఫారం 10డి కాగితం మీదే పెట్టాలి. నంబరు పోయినవాళ్లు తమతో ఒకే రోజు చేరిన తోటి కార్మికుడి చీటీ చూస్తే ఫ్యాక్టరీ కోడ్ అయినా తెలుస్తుంది.

బావ రెండు రోజులు ఆలోచించి, అక్కను కూడా కూర్చోబెట్టుకుని, తీసుకోవడానికే నిశ్చయించుకున్నాడు. ఫారం 10డిలో తగ్గింపు పెన్షన్ కోరేవాళ్లు అది ఏ తేదీ నుంచి మొదలవ్వాలో రాయడానికి ఒక గడి ఉంటుంది. 58 నిండినవాళ్లకు తేదీ పథకమే పెడుతుంది, ముందస్తుగా తీసుకునేవాళ్లకు ఆ తేదీ వాళ్లే పెట్టుకోవాలి. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. బావ చేత అందులో 12–11–2025 అని అంకెలు కనబడేలా రాయించి, ఆ తేదీకి ముందే ఆఫీసులో ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకున్న జిరాక్స్ కాపీ ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర పెట్టుకున్నాం.